కుక్క రిపోర్టులో టీ4 తక్కువ వచ్చిందా? మాత్ర మొదలుపెట్టే ముందు ఇలా చదవండి

పొద్దున్నే ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. ల్యాబ్ రిపోర్టు. కింద ఒకే వాక్యం: "డాక్టర్ గారూ, మా బ్రూనోకి థైరాయిడ్ అంట, జీవితాంతం మాత్రలు వాడాలంటున్నారు, నిజమేనా?" బ్రూనో ఏడేళ్ల మగ లాబ్రడార్, 36 కిలోలు. రిపోర్టులో టీ4 దగ్గర 0.7 అని, పక్కనే ఎర్రగా L అని ఉంది. టీఎస్‌హెచ్ దగ్గర 0.01 µIU/mL. దానికీ L. మాత్ర అప్పటికే పది రోజులుగా నడుస్తోంది.

ఆ ఒక్క ఫొటోలో రెండు తప్పులున్నాయి. మూడోది ఫొటోలో లేదు, అడిగితే బయటపడింది. బ్రూనోకి థైరాయిడ్ జబ్బు లేదు. అది తేలడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో ఏం చేశామో వరసగా చెబుతాను. కుక్కను పెంచేవాళ్లకూ, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన వెటర్నరీ డాక్టర్లకూ పనికొస్తుందనే రాస్తున్నాను. పెంచేవాళ్లు మాత్రం దీన్ని చూసుకుని సొంతంగా మందు ఆపడం, మొదలుపెట్టడం చేయకండి. డాక్టరును ఏం అడగాలో తెలుసుకోండి, చాలు.

ముందు ఈ రెండు అంకెలు దేన్ని కొలుస్తున్నాయి

మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది థైరాక్సిన్, అంటే టీ4. గ్రంథి ఎంత పని చేయాలో మెదడు కింద ఉండే పిట్యూటరీ చెబుతుంది. చెప్పడానికి అది పంపే హార్మోనే టీఎస్‌హెచ్. రక్తంలో టీ4 తగ్గితే పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది, టీ4 సరిపడా ఉంటే తగ్గిస్తుంది. మోటారు, ట్యాంకు ఉన్న ఇంట్లో ట్యాంకు నీళ్లు తగ్గాయని మోటారు వేసినట్టే.

కుక్కల్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువయ్యే జబ్బు, అంటే హైపోథైరాయిడిజం, నూటికి తొంభై అయిదుకు పైగా గ్రంథి దెబ్బతినడం వల్లే వస్తుంది. సొంత రోగనిరోధక కణాలే గ్రంథిని తినేయడం ఒక కారణం, గ్రంథి ఎండిపోయి కొవ్వుగా మారడం రెండో కారణం. ఏదైనా సరే, ఎంత చెప్పినా గ్రంథి పలకదు కాబట్టి టీ4 తగ్గాలి, టీఎస్‌హెచ్ పెరగాలి. పుస్తకంలో బొమ్మ ఇంత సులువుగా ఉంటుంది.

చిక్కు టోటల్ టీ4 అనే మాటలో ఉంది. రక్తంలోని టీ4లో 99 శాతానికి పైగా ప్రొటీన్లకు అతుక్కునే తిరుగుతుంది. కణాల్లోకి వెళ్లి పని చేసేది మిగిలిన ఆ కొంచెమే. ల్యాబ్ కొలిచే టోటల్ టీ4 ఈ రెండూ కలిపిన మొత్తం. ప్రొటీన్ తగ్గినా, దానికి టీ4 అతుక్కోవడం తగ్గినా, పిట్యూటరీ కావాలనే జోరు తగ్గించినా అంకె పడిపోతుంది. గ్రంథి మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అందుకే టీ4 తక్కువ వచ్చిందంటే ఆ కుక్క ఒంట్లో ఏదో నలతగా ఉందని మాత్రమే చెప్పగలం. ఆ నలత థైరాయిడ్‌దేనా అన్నది వేరే ప్రశ్న.

మొదటి మెట్టు: రిపోర్టు పక్కన పెట్టి కుక్కను చూడండి

నేను అంకెలకన్నా ముందు అడిగేది: ఈ కుక్కకు టెస్టు ఎందుకు చేయించారు? హైపోథైరాయిడిజం ఉన్న కుక్క సాధారణంగా నడివయసుది. రెండేళ్లలోపు రావడం చాలా అరుదు. తిండి పెరగకుండానే బరువు పెరుగుతుంది. పిలిస్తే లేచి రావడానికి బద్ధకిస్తుంది. చలికాలంలో ఎండ పడేచోటు వదలదు. పక్కటెముకల వెంట రెండు వైపులా ఒకేలా జుట్టు పలచబడుతుంది, తోక బోడిగా ఎలుక తోకలా అవుతుంది, షేవ్ చేసినచోట జుట్టు తిరిగి రాదు. వీటన్నిటికన్నా గట్టి గుర్తు ఒకటుంది. జుట్టు అంత రాలుతున్నా కుక్క గోక్కోదు. చర్మానికి బాక్టీరియా పట్టుకుంటే గోకుతుంది కానీ, థైరాయిడ్ లోపం తనంతట తాను దురద పెట్టదు.

రక్త పరీక్షల్లో కొలెస్టరాల్ చూడాలి. హైపోథైరాయిడ్ కుక్కల్లో నాలుగింట మూడు వంతుల వాటికి పరగడుపు కొలెస్టరాల్ ఎక్కువగా ఉంటుంది. కొన్నింటికి కొద్దిపాటి రక్తహీనత కూడా ఉంటుంది. కొలెస్టరాల్ మామూలుగా ఉంటే జబ్బు లేదని కాదు, నా అనుమానం ఒక మెట్టు దిగుతుంది.

ఇదంతా ఎందుకంటే, ఒక చిన్న లెక్క వేద్దాం. క్లినిక్‌కు వచ్చిన వంద కుక్కలకు గుడ్డిగా టీ4 చేయించామనుకోండి. వాటిలో పదింటికి నిజంగా థైరాయిడ్ ఉందని, టెస్టు ఆ పదింటినీ పట్టుకుందని అనుకుందాం. మిగిలిన తొంభైలో అయిదో వంతుకు ఇతర కారణాల వల్ల టీ4 తక్కువ వస్తే, అవి పద్దెనిమిది. అంటే L అని వచ్చిన ఇరవై ఎనిమిదిలో పద్దెనిమిది తప్పుడు రిపోర్టులే. అదే లక్షణాలు సరిపోయే కుక్కలకే టెస్టు చేయిస్తే ఈ నిష్పత్తి తిరగబడుతుంది. టెస్టు ఒకటే, మారింది దాని ముందున్న అనుమానం.

బ్రూనో సంగతికి వస్తే, వాళ్లు అన్నది ఇది: "ఒళ్లంతా గోక్కుంటోంది సార్, చెవులు వాసన వస్తున్నాయి, ఈ మధ్య లావెక్కింది, నీళ్లు బాగా తాగుతోంది." గోకుడు, చెవి వాసన థైరాయిడ్ కన్నా అలర్జీ వైపు చూపిస్తాయి. నీళ్లు ఎక్కువ తాగడం అసలు థైరాయిడ్ లక్షణమే కాదు. అది వినగానే తర్వాత అడగాల్సిన ప్రశ్న తట్టింది.

రెండో మెట్టు: ఏ మందులు నడుస్తున్నాయి, ఏవి ఈ మధ్యే ఆపారు

"ఏం మందులు వాడుతున్నారు?" అంటే "ఏం లేదు సార్" అన్నారు. దురదకి ఏం ఇచ్చారని అడిగాను. "ఓ అదా, తెల్ల మాత్ర, నెల నుంచి రోజూ ఒకటి." ఫొటో పెట్టమంటే ప్రెడ్నిసోలోన్ 20 మిల్లీగ్రాముల స్ట్రిప్పు. చెవి చుక్కల సీసా ఫొటో కూడా తెప్పించుకున్నాను. అందులోనూ స్టెరాయిడ్ ఉంది. దురద మాత్రను, చెవి చుక్కలను మందుల లెక్కలో ఎవరూ వేసుకోరు. అందుకే మందుల పేర్లు అడగడం మానేసి, ఇంట్లో ఉన్న సీసాలు, స్ట్రిప్పులు అన్నీ ఒకచోట పెట్టి ఫొటో తీయమంటాను.

స్టెరాయిడ్లు టీ4ను తగ్గిస్తాయి. పిట్యూటరీ నుంచి టీఎస్‌హెచ్ విడుదలను అణుస్తాయి, టీ4 ప్రొటీన్‌కు అతుక్కోవడాన్నీ మారుస్తాయి. ఎంత డోసు, ఎన్ని రోజులన్నదాన్ని బట్టి తగ్గుదల ఉంటుంది. ప్రొటీన్‌కు అతుక్కోకుండా విడిగా తిరిగే ఫ్రీ టీ4 కూడా తగ్గొచ్చు కాబట్టి, ఆ టెస్టు చేయించినా ఇక్కడ తప్పించుకోలేం. స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, లావు చేస్తుంది, నీళ్లు తాగిస్తుంది, జుట్టు పలచబరుస్తుంది. అంటే థైరాయిడ్ లాంటి కుక్కనూ అదే తయారుచేస్తుంది, థైరాయిడ్ లాంటి రిపోర్టునూ అదే ఇస్తుంది. నా దగ్గరికి వచ్చే తప్పుడు థైరాయిడ్ కేసుల్లో ఎక్కువ వాటి మూలం ఇక్కడే ఉంటుంది.

మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్ కథ ఇంకోలా నడుస్తుంది. నెలల తరబడి వాడుతున్న కుక్కల్లో టీ4 కొలత దిగువకు పడిపోవడం మామూలే, ఫ్రీ టీ4 కూడా తగ్గుతుంది. కొన్నింటిలో టీఎస్‌హెచ్ కొంచెం పెరుగుతుంది కూడా. అచ్చం నిజమైన జబ్బు బొమ్మలాగే కనిపిస్తుంది. పైగా ఆ మందు కుక్కను మందకొడిగా, లావుగా చేస్తుంది. మూర్ఛ మందు ఆపి టెస్టు చేయడం ప్రమాదం, కాబట్టి అలా అడగకండి. ఈ కుక్కల్లో నేను అంకెను పెద్దగా నమ్మను, చర్మం, కొలెస్టరాల్, ఏళ్ల తరబడి మార్పు ఎటు పోతోందో చూస్తాను. పొటాషియం బ్రోమైడ్‌తో ఈ ఇబ్బంది లేదు.

సల్ఫా మందులది మరో రకం. ట్రైమెథోప్రిమ్‌తో కలిపి ఇచ్చే సల్ఫా మందు గ్రంథిలో హార్మోన్ తయారయ్యే దారినే మూసేస్తుంది. అందుకే దీని సంగతి వేరుగా చెబుతున్నాను. ఎక్కువ డోసులో కొన్ని వారాలు వాడితే టీ4 నిజంగానే తగ్గుతుంది, టీఎస్‌హెచ్ నిజంగానే పెరుగుతుంది. లక్షణాలు కూడా రావచ్చు. రిపోర్టు చూసి ఎవరైనా ఇది హైపోథైరాయిడిజమే అంటారు, ఆ క్షణానికి అది నిజం కూడా. కానీ మందు ఆపాక గ్రంథి తిరిగి లేస్తుంది. చాలా కుక్కల్లో కొన్ని వారాల్లోనే, కొన్నింటిలో రెండు మూడు నెలలకు. ఆ సమయం ఇవ్వకుండా జీవితాంతపు మాత్ర రాయడం అన్యాయం.

ఆందోళనకు వాడే క్లోమిప్రమిన్ కూడా టీ4ను తగ్గిస్తుంది. ఆస్పిరిన్ టీ4ను ప్రొటీన్ మీద నుంచి నెట్టేసి టోటల్ అంకెను దించుతుంది. మిగతా నొప్పి మందుల ప్రభావం మందుకో తీరుగా ఉంటుంది కాబట్టి, అత్యవసరం కానప్పుడు వాటినీ ఆపాకే రక్తం తీయడం మేలు.

ఎన్నాళ్లు ఆగాలి? నోటి ద్వారా ఇచ్చిన స్టెరాయిడ్‌కు కనీసం నాలుగు వారాలు. నెలల పాటు పని చేసే డిపో ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. నెల రోజులు వాడిన ప్రెడ్నిసోలోన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. నాలుగు వారాల లెక్క చివరి మాత్ర నుంచి మొదలవుతుంది.

మూడో మెట్టు: ఒంట్లో వేరే జబ్బుందా

మన దగ్గర ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. వాళ్ల కోసం ఇంకో కుక్క కథ చెప్పాలి. నాలుగేళ్ల ఆడ దేశీ కుక్క, వారం నుంచి తిండి మానేసింది, నీరసం, నోటి చిగుళ్లు తెల్లబడ్డాయి. అన్నీ కలిపి ఒక ప్యాకేజీ టెస్టు చేయించారు, అందులో టీ4 కూడా ఉంది. వచ్చింది 0.3. ఇంత తక్కువ ఉంటే థైరాయిడ్ కాక ఇంకేమిటని వాళ్ల ప్రశ్న. అదే రిపోర్టులో ప్లేట్‌లెట్లు 40 వేలు. చెవి వెనక పిడుదులు. అది ఎర్లీకియా, పిడుదు జ్వరం. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడి, కోలుకున్న మరో నెలకు టీ4 చూస్తే 2.1.

జబ్బు చేసిన ఒంట్లో ఏం జరుగుతుందంటే, మంట, జ్వరం వల్ల పుట్టే రసాయనాలు, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కలిసి పిట్యూటరీని తగ్గమంటాయి. టీ4ను మోసే ప్రొటీన్ పట్టు తగ్గుతుంది. టీ4ను చురుకైన టీ3గా మార్చే ఎంజైము నెమ్మదిస్తుంది. తిండి లేని కుక్క ఖర్చు తగ్గించుకుంటోందని చెప్పొచ్చు. దీన్ని యూథైరాయిడ్ సిక్ సిండ్రోమ్ అంటారు. ఏ జబ్బు అన్నదానికన్నా ఎంత తీవ్రంగా ఉందన్నదే అంకెను నిర్ణయిస్తుంది. కిడ్నీ, లివర్, షుగర్, కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్స్, లింఫోమా క్యాన్సర్, చీము పట్టిన గర్భసంచి ఏదైనా కావొచ్చు. జబ్బు ముదిరేకొద్దీ టీ4 దిగుతుంది, అసలు కొలతకే అందనంత తక్కువకు పోవచ్చు. కాబట్టి అంకె మరీ తక్కువగా ఉంటే థైరాయిడ్ ఖాయమన్న నమ్మకం తప్పు. ఐసీయూ కుక్కల్లో 0.3 నేను చాలాసార్లు చూశాను.

ఈ స్థితిలో థైరాయిడ్ మాత్ర ఇస్తే లాభం ఉన్నట్టు తేలలేదు. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్న కుక్క మీద పనిభారం పెంచే ప్రమాదం మాత్రం ఉంది. నా నియమం ఒకటే: కుక్క నీరసంగా పడుకుని ఉన్న రోజు థైరాయిడ్ టెస్టు చేయను. వేరే జబ్బుకు వైద్యం చేసి, అది కోలుకుని, మామూలుగా తిని తిరుగుతున్నాక చేస్తాను. కోలుకుంటున్న మొదటి రోజుల్లో టీఎస్‌హెచ్ తాత్కాలికంగా పెరగొచ్చు, అది ఇంకో వల. అందుకే జ్వరం తగ్గిన మర్నాడే కాదు, నెల ఆగండి.

జబ్బు, మందు లేకపోయినా టీ4 తక్కువ ఉండే కుక్కలున్నాయి. గ్రేహౌండ్, సలూకీ లాంటి వేట హౌండ్లకు టోటల్ టీ4 సహజంగానే మామూలు హద్దు కింద ఉంటుంది, గ్రేహౌండ్లలో ఫ్రీ టీ4 కూడా. మన ముధోల్, కారవాన్ హౌండ్లూ ఆ ఒడ్డూ పొడుగూ ఉన్నవే కాబట్టి, వాటి రిపోర్టును మామూలు హద్దుతో పోల్చేటప్పుడు నేను వెనకాడతాను. వయసు పైబడిన కుక్కల్లోనూ టీ4 తగ్గుతుంది. ఒకే ఆరోగ్యమైన కుక్కలో ఒకే రోజు పొద్దునకీ సాయంత్రానికీ అంకె హద్దు కిందికి వెళ్లి రావచ్చు.

నాలుగో మెట్టు: ఈ టెస్టు ఏ మెషిన్ మీద చేశారు

బ్రూనో ఫొటోలో మొదటి తప్పు ఒక్క టీ4 తక్కువ చూసి థైరాయిడ్ అనేయడం, రెండో తప్పు ఇదే. యూనిట్లను ఒకసారి చూడండి. టీఎస్‌హెచ్ పక్కన `µIU/mL` అని ఉంది. అది మనుషుల టీఎస్‌హెచ్ కిట్టు వాడే యూనిట్. కుక్కల టీఎస్‌హెచ్ కిట్టు రిపోర్టు `ng/mL` లో ఉంటుంది. టీఎస్‌హెచ్ ప్రొటీన్ హార్మోన్, జాతిని బట్టి దాని నిర్మాణం మారుతుంది. మనిషి టీఎస్‌హెచ్‌ను పట్టుకునేలా చేసిన కిట్టు కుక్క టీఎస్‌హెచ్‌ను గుర్తుపట్టదు. దాదాపు సున్నా చూపిస్తుంది. ఆ 0.01 మీద ఎంత ఆలోచించినా వృథా, అది కొలతే కాదు. రిపోర్టు చేతికి రాగానే ఈ ఒక్క యూనిట్ చూస్తే సగం గందరగోళం పోతుంది.

టీ4 కథ వేరు. టీ4 అణువు మనిషిలోనూ కుక్కలోనూ ఒకటే. మనుషుల ల్యాబ్ కూడా దాన్ని కొలవగలదు. కానీ మనిషికి మామూలు హద్దు రమారమి 5 నుంచి 12 `µg/dL`, కుక్కకు 1 నుంచి 4. టీ4 2.5 ఉన్న ఆరోగ్యమైన కుక్కకు మనుషుల రిపోర్టులో L పడుతుంది. ఎర్ర అక్షరం చూసి టెన్షన్ పడిపోయి ఫోన్ చేసినవాళ్లకు నేను మొదట ఆ హద్దుల కాలమ్ చదివి వినిపించమంటాను. ఇంకో చిక్కు, మనిషికి తక్కువే అనిపించే ఆ అడుగు భాగంలోనే కుక్కల జబ్బూ ఆరోగ్యమూ తేలాలి. అక్కడ మనుషుల కిట్టు అంత కచ్చితంగా ఉండకపోవచ్చు. కొన్ని వెటర్నరీ ల్యాబులు `nmol/L` లో ఇస్తాయి, దాన్ని 12.9తో భాగిస్తే `µg/dL` వస్తుంది. 26 అని కనిపిస్తే కంగారు పడకండి, అది 2.

శాంపిల్ వెటర్నరీ ల్యాబుకు పంపేటప్పుడు కుక్కల టీఎస్‌హెచ్, అంటే కెనైన్ టీఎస్‌హెచ్ అని విడిగా అడగండి. రాత్రి తిండి మాన్పించి పొద్దున్నే సీరం తీస్తే కొలెస్టరాల్ కూడా అందులోనే చూసుకోవచ్చు.

అయిదో మెట్టు: రెండు అంకెలూ కలిపి చదవడం

ఇక్కడిదాకా అన్నీ శుభ్రంగా ఉన్నాయనుకుందాం. లక్షణాలు సరిపోతున్నాయి, మందులు లేవు, వేరే జబ్బు లేదు, కుక్కల కిట్టుతోనే కొలిచారు. ఇప్పుడు అంకెలకు విలువ వచ్చింది.

టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ ఎక్కువ వస్తే నిర్ధారణ గట్టిది. కిందటేడు వచ్చిన ఎనిమిదేళ్ల గోల్డెన్ రిట్రీవర్ గుర్తుంది. గోకుడు లేదు, తోక బోడి, ముఖం ఉబ్బి ఎప్పుడూ ఏడుస్తున్నట్టుండేది. టీ4 0.4, టీఎస్‌హెచ్ 1.6 (మా ల్యాబ్ హద్దు 0.5 `ng/mL`), కొలెస్టరాల్ 460. ఇక ఆలోచించాల్సింది ఏమీ లేదు, మాత్ర మొదలుపెట్టాను.

టీ4 హద్దు మధ్యలోనో పైనో హాయిగా ఉంటే థైరాయిడ్ జబ్బు దాదాపు లేనట్టే. ఈ టెస్టు అసలు బలం అక్కడే ఉంది. జబ్బు లేదని చెప్పడంలో టోటల్ టీ4 దిట్ట, ఉందని చెప్పడంలో బలహీనం. ఒక మినహాయింపు ఉంది. కొన్ని కుక్కల్లో టీ4కే యాంటీబాడీలు తయారై కిట్టును మోసం చేస్తాయి, అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. లక్షణాలు బలంగా ఉండి, టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉండి, టీ4 మాత్రం మామూలుగా ఉంటే దీన్ని అనుమానించాలి.

అసలు తలనొప్పి టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ మామూలు అన్న జంటతో వస్తుంది. వేరే జబ్బులున్న కుక్కలు, స్టెరాయిడ్ కుక్కలు ఎక్కువగా ఈ గదిలోనే పడతాయి. అలాగని జబ్బు లేదని తేల్చేయలేం, ఎందుకంటే నిజంగా హైపోథైరాయిడ్ ఉన్న కుక్కల్లో 20 నుంచి 40 శాతానికి టీఎస్‌హెచ్ మామూలుగానే వస్తుంది. ఏళ్ల తరబడి అరిచి పిట్యూటరీ అలసిపోవచ్చు, టీఎస్‌హెచ్ విడుదలలో హెచ్చుతగ్గులుండొచ్చు, పక్కనున్న మరో జబ్బు దాన్ని అణిచేసి ఉండొచ్చు. కాబట్టి టీఎస్‌హెచ్ పెరిగితే అది మంచి సాక్షి, పెరగకపోతే మాత్రం ఎటూ సాక్ష్యం చెప్పదు.

ఈ గదిలో పడిన కుక్కకు నేను మొదట చేసేది ఏమీ చేయకపోవడం. నెల నుంచి రెండు నెలలు ఆగి అవే టెస్టులు మళ్లీ చేయిస్తాను. థైరాయిడ్ జబ్బు నెలల మీద నడిచేది, రెండు నెలల ఆలస్యం వల్ల నష్టం దాదాపు ఉండదు. రెండోసారీ అలాగే వస్తే ఫ్రీ టీ4 అడుగుతాను, అదీ ఈక్విలిబ్రియం డయాలిసిస్ పద్ధతిలో. ఆ పద్ధతి అతుక్కున్న టీ4ను పొర ద్వారా విడదీసి అసలు స్వేచ్ఛగా ఉన్నదాన్నే కొలుస్తుంది. వేరే జబ్బుల ప్రభావం దీని మీద తక్కువ, టీ4 యాంటీబాడీల గొడవా లేదు. మన దగ్గర ప్రతి ల్యాబూ ఇది చేయదు. మామూలు మెషిన్ మీద చేసే ఫ్రీ టీ4కు పేరు ఒకటే అయినా, టోటల్ టీ4కు ఉన్న చాలా బలహీనతలు దానికీ ఉంటాయి. డబ్బు కట్టే ముందు ఏ పద్ధతో అడగండి. థైరోగ్లోబులిన్ యాంటీబాడీ టెస్టు గ్రంథి మీద దాడి జరుగుతోందా అని చెబుతుంది, గ్రంథి పని చేస్తోందా లేదా అన్నది చెప్పదు.

చివరి దారి: మాత్ర వేసి చూడడం

అన్నీ అయిపోయాక, లక్షణాలు ఇంకా గట్టిగా ఉంటే, థైరాయిడ్ మాత్ర, అంటే లెవోథైరాక్సిన్, వేసి చూడడం తప్పు కాదు. దాన్ని మొదటి మెట్టుగా వాడడమే తప్పు. కిలోకు 0.02 మిల్లీగ్రాములు, పన్నెండు గంటలకోసారి. 30 కిలోల కుక్కకు పూటకు 600 మైక్రోగ్రాములు. మెడికల్ షాపులో ఈ చీటీ చూసి "అమ్మా, మనిషికే వంద వేస్తారు, డాక్టరు సున్నా ఎక్కువ పెట్టాడేమో" అన్నారట ఒకసారి. సున్నా ఎక్కువేం కాదు. కుక్క పేగుల నుంచి ఈ మందు తక్కువగా ఎక్కుతుంది, మనిషి ఒంట్లో వారం పాటు సగం నిలిచే మందు కుక్క ఒంట్లో సగానికి రావడానికి ఒక పూట చాలు. గుండె జబ్బు, షుగర్, అడ్రినల్ లోపం ఉన్న కుక్కలకు మాత్రం తక్కువతో మొదలుపెట్టాలి.

నాలుగు వారాలకు, మాత్ర వేసిన నాలుగు నుంచి ఆరు గంటల మధ్య టీ4 చూడాలి. చురుకుదనం రెండు వారాల్లో రావచ్చు, జుట్టుకు మూడు నాలుగు నెలలు పడుతుంది. ఒక జాగ్రత్త: ఈ మాత్ర థైరాయిడ్ బాగున్న కుక్కలో కూడా జుట్టు మొలిపించగలదు. "మాత్ర వేశాం, జుట్టు వచ్చింది, కాబట్టి థైరాయిడే" అన్న వాదన నిలవదు. అనుమానం మిగిలితే మాత్ర ఆపి లక్షణాలు తిరిగొస్తాయేమో చూడాలి. ఆపాక టెస్టు చేయాలన్నా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. బయటి నుంచి హార్మోన్ వస్తున్నంతకాలం సొంత గ్రంథి నిద్రలో ఉంటుంది, అది మేలుకోకముందే రక్తం తీస్తే ఆరోగ్యమైన కుక్కకు కూడా టీ4 తక్కువే వస్తుంది.

బ్రూనో చివరికి ఏమయ్యాడు

థైరాయిడ్ మాత్ర ఆపించాను. ప్రెడ్నిసోలోన్ పది రోజుల్లో మెల్లగా తగ్గించి ఆపాం. స్టెరాయిడ్ లేని చెవి చుక్కలు, వారానికి రెండుసార్లు క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ ఉన్న షాంపూతో పది నిమిషాలు నానబెట్టి స్నానం. చెవి మురికిని మైక్రోస్కోపు కింద చూస్తే మలాసీజియా ఈస్టు కుప్పలుగా ఉంది. మొదటి రెండు వారాలు వాళ్లకు కష్టంగానే గడిచింది. "సార్, మళ్లీ గోకుతోంది, ఆ తెల్ల మాత్ర ఒక్కటి వేద్దామా" అని నాలుగుసార్లు ఫోన్ చేశారు. ఒక్కటి వేస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని నాలుగుసార్లూ చెప్పాను. వెయ్యలేదు, అది వాళ్ల ఓపిక.

చివరి స్టెరాయిడ్ మాత్ర నుంచి ఆరు వారాలు దాటాక పరగడుపున రక్తం తీసి వెటర్నరీ ల్యాబుకు పంపాం. టీ4 1.8 `µg/dL`. టీఎస్‌హెచ్ 0.18 `ng/mL`. కొలెస్టరాల్ 210. స్టెరాయిడ్ వల్ల మొదట 480 ఉన్న లివర్ ఎంజైము ఏఎల్‌పీ 110కి దిగింది. బరువు 36 నుంచి 33.5కు వచ్చింది. నీళ్ల గిన్నె ఇప్పుడు రోజుకు ఒకసారే నింపుతున్నారట. దురద మాత్రం పూర్తిగా పోలేదు. అది అలర్జీ. ఇప్పుడు ఎనిమిది వారాల ప్రత్యేక ఆహారంతో తిండి అలర్జీయేనా అన్నది చూస్తున్నాం. ఇంట్లో పెద్దావిడ దొంగచాటుగా పెడుతున్న పెరుగన్నం ఆపించడం ఆ పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం.